సెఫీడ్ తారల కొలబద్దకు సున్నా ఎక్కడిది?

ప్రశ్న: నమస్కారం సార్. మేం కూకట్‌పల్లిలో ఉంటాం, మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. సెఫీడ్ తార ఎన్ని రోజులకు ఒకసారి ప్రకాశిస్తుందో చూస్తే దాని దూరం చెప్పవచ్చని చదివాం. అసలు ప్రకాశం తెలియాలంటే ముందు దూరం తెలియాలి కదా? దూరం కావాలంటే ప్రకాశం తెలియాలి. ఇది తిరిగి మొదటికే వచ్చే వాదన కాదా అని అమ్మాయి అడుగుతోంది. పైగా ఆండ్రోమెడా గెలాక్సీ దూరం ఒక పాత పుస్తకంలో 9 లక్షల కాంతి సంవత్సరాలని ఉంది, ఇప్పుడు 25 లక్షలంటున్నారు. ఏది నమ్మాలి?

సమాధానం:

మీ అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. ఈ చిక్కుముడి విప్పడానికి రెండు పనులు విడివిడిగా చేయాల్సి వచ్చింది. మొదటి పనికి దూరం అసలు అక్కర్లేదు. రెండోదానికి కావాలి, కానీ ఆ దూరం సెఫీడ్‌ల నుంచి రాదు. ఈ తేడా తెలిస్తే, 9 లక్షలు 25 లక్షలు ఎందుకైందో కూడా అర్థమవుతుంది. ఆ తప్పు రెండో పనిలోనే జరిగింది.

మొదటి పని చేసింది హార్వర్డ్ అబ్జర్వేటరీలో పనిచేసిన హెన్రియెట్టా లీవిట్. పెరూలోని అరెక్విపా నుంచి తీసిన గాజు ఫలకాలను ఒకదానితో ఒకటి పోల్చి, మన పొరుగు గెలాక్సీ అయిన చిన్న మాగెల్లాన్ మేఘంలో ప్రకాశం పెరుగుతూ తగ్గుతూ ఉన్న తారలను ఆమె గుర్తించారు. వాటిలో 25 తారల ఆవర్తన కాలాలను 1912లో ప్రచురించారు. అతి తక్కువది రోజుంబావు, అతి ఎక్కువది 127 రోజులు. కాలం ఎంత ఎక్కువైతే తార అంత ప్రకాశంగా కనిపిస్తోంది. ఇక్కడ గమనించాల్సింది ఆ తారలన్నీ ఒకే మేఘంలో ఉండటం. మేఘం మననుంచి ఎంత దూరమో అప్పటికి ఎవరికీ తెలియదు, అయితే ఆ దూరంతో పోలిస్తే మేఘం మందం తక్కువ. కాబట్టి తారలన్నీ దాదాపు ఒకే దూరంలో ఉన్నట్టే. ఒకటి మరొకదానికన్నా తొమ్మిది రెట్లు ప్రకాశంగా కనిపిస్తే, అది నిజంగానే తొమ్మిది రెట్లు ప్రకాశవంతమైనది. దూరం ఎంతో తెలియకుండానే నిష్పత్తి తెలిసిపోయింది. ఇప్పటి కొలతల ప్రకారం ఆవర్తన కాలం పది రెట్లైతే, కంటికి కనిపించే కాంతిలో ప్రకాశం సుమారు తొమ్మిది రెట్లవుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో కూడా కొంత చెప్పాలి, లేకపోతే ఇదేదో కాకతాళీయంగా కుదిరిన లెక్కలా కనిపిస్తుంది. సెఫీడ్ ఉబ్బుతూ కుంగుతూ ఉండే తార. దాని పైపొరల్లో, సుమారు 40 వేల డిగ్రీల వేడి ఉన్న లోతులో, హీలియం ఉంటుంది. పొర నొక్కుకున్నప్పుడు ఆ హీలియం తన రెండో ఎలక్ట్రాన్‌ను కూడా కోల్పోయి, లోపలి నుంచి వచ్చే కాంతిని అడ్డుకుంటుంది. ఆగిపోయిన వేడి పొరను బయటికి తోస్తుంది. పొర విస్తరించి చల్లబడ్డాక హీలియం ఎలక్ట్రాన్‌ను తిరిగి పట్టుకుంటుంది, కాంతికి దారి దొరుకుతుంది, పొర తన బరువుకు మళ్లీ లోపలికి కుంగుతుంది. ఈ ఊగిసలాటకు పట్టే సమయం తార సగటు సాంద్రత మీద ఆధారపడుతుంది. సాంద్రత నాలుగో వంతుకు తగ్గితే కాలం రెట్టింపవుతుంది. ఎక్కువ ప్రకాశవంతమైన సెఫీడ్‌లు బాగా ఉబ్బిన తారలు, వాటి సాంద్రత చాలా తక్కువ. అందుకే అవి నెమ్మదిగా ఊగుతాయి.

ఇక రెండో పని. లీవిట్ ఇచ్చిన నిష్పత్తులు, కొలత సరిగా తెలియని గజంబద్ద పెట్టుకున్న బట్టల కొట్టు లెక్క లాంటివి. పది గజాలు కొన్నవారికి అయిదు గజాలు కొన్నవారికన్నా సరిగ్గా రెట్టింపు బట్ట వస్తుంది, అందులో పొరపాటు లేదు. కానీ ఆ బద్ద నిజంగా ఎంత పొడుగో తేలేవరకు ఎవరికీ తమ చేతిలో ఉన్నది ఎన్ని గజాలో తెలియదు. బద్ద పొట్టిదైతే కొట్లోని ప్రతి కొలతా ఒకే నిష్పత్తిలో తప్పుతుంది. సెఫీడ్‌ల విషయంలో బద్దను సరిచూడటమంటే, కనీసం కొన్ని సెఫీడ్‌ల దూరాన్ని ప్రకాశంతో సంబంధం లేని పద్ధతిలో కొలవడం. ఖగోళ శాస్త్రవేత్తలు దీన్ని సున్నా బిందువు నిర్ణయించడం అంటారు.

అందుకు అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి పారలాక్స్. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి తార దూరపు తారల నేపథ్యంలో ఏడాదికోసారి అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ కోణం, భూకక్ష్య వ్యాసార్థం తెలిస్తే దూరం వచ్చేస్తుంది. ఇది శుద్ధమైన త్రికోణమితి, తార ఎంత వెలుగుతోందన్న ఊహ ఇందులో ఎక్కడా లేదు. కష్టమల్లా ఒక్కటే. సెఫీడ్‌లు అరుదైన తారలు, దగ్గర్లో ఉన్నవి కొద్ది. వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నవాటి కోణం ఒక డిగ్రీలో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది. 20వ శతాబ్దంలో చాలాకాలం ఆ కోణాలను నేలమీది టెలిస్కోపులు నమ్మకంగా కొలవలేకపోయాయి. హబుల్ టెలిస్కోప్ సాయంతో ఫ్రిట్జ్ బెనెడిక్ట్ బృందం పది సెఫీడ్‌ల పారలాక్స్ కొలిచి 2007లో ఇచ్చిన సూత్రాన్నే ఇక్కడ వాడతాను. ఇప్పుడు గయా ఉపగ్రహం ఇంకా ఎన్నో సెఫీడ్‌ల కోణాలు ఇచ్చింది. అయితే గయా కొలతల్లోనూ ఒక చిన్న స్థిరమైన తేడా ఉందని తేలింది, దాన్ని సవరించకుండా వాడకూడదు. మరీ ప్రకాశవంతమైన తారలతో దానికి ఇబ్బంది కూడా ఉంది.

సూత్రం ఇది:

```
M = -4.05 - 2.43 × (log P - 1)
m - M = 5 log d - 5 + A
```

P అంటే రోజుల్లో ఆవర్తన కాలం. m మనకు కనిపించే సగటు మాగ్నిట్యూడ్. M అదే తార 10 పార్‌సెక్‌ల దూరంలో ఉంటే ఉండే మాగ్నిట్యూడ్, అంటే అసలు ప్రకాశం. d పార్‌సెక్‌లలో దూరం, ఒక పార్‌సెక్ 3.26 కాంతి సంవత్సరాలు. A సంగతి కాసేపట్లో చెబుతాను. మాగ్నిట్యూడ్ అంకె చిన్నదైతే తార ఎక్కువ ప్రకాశవంతమని అర్థం, 5 మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే సరిగ్గా 100 రెట్లు. మొదటి వరుసలో 2.43 లీవిట్ నిష్పత్తికి ఇప్పటి రూపం. 4.05 పారలాక్స్ నుంచి వచ్చిన సున్నా బిందువు. రెండు అంకెలు, రెండు వేర్వేరు మూలాలు. మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఆ ఒక్క వరుసలో ఉంది.

దీన్ని అమ్మాయి తనే పరీక్షించవచ్చు. హైదరాబాద్‌కు అనువైన సెఫీడ్ ఒకటుంది, పేరు ఈటా అక్విలే. ఎడ్వర్డ్ పిగాట్ ఇంగ్లండ్‌లోని యార్క్ నుంచి 1784 సెప్టెంబరులో దీని మార్పును గుర్తించాడు. ఆ తర్వాతి నెలలో అతని మిత్రుడు గుడ్రిక్ గుర్తించిన డెల్టా సెఫై పేరు మీదుగా ఈ జాతికంతటికీ సెఫీడ్‌లని పేరొచ్చింది. నిజానికి పిగాట్ తారే ముందుది. మనకు డెల్టా సెఫై ఉత్తరాన సగం ఎత్తుకే వస్తుంది. ఈటా అక్విలే మాత్రం దాదాపు నడినెత్తి దాకా వస్తుంది.

పంచాంగంలో శ్రవణం అని మనం చెప్పుకునేది మూడు చుక్కల వరుస. నడిమిది బాగా ప్రకాశంగా ఉంటుంది, అది ఆల్టెయిర్. ఆ మూడింటిలో దక్షిణపు చివరి చుక్క బీటా అక్విలే, మాగ్నిట్యూడ్ 3.7. చెయ్యి చాచి పట్టుకుంటే మూడు వేళ్ల వెడల్పు అక్కడి నుంచి దక్షిణానికి దిగితే ఈటా కనిపిస్తుంది. దసరా తర్వాత వానలు వెనక్కి తగ్గాక, నవంబరు నడుమ దాకా, సాయంత్రం ఏడు గంటల ప్రాంతం దీనికి మంచి సమయం. నగరం దీపాల వెలుగులో మీ మేడ మీద నుంచి మామూలు కళ్లకు కష్టమే, బైనాక్యులర్స్ ఉంటే సరిపోతుంది. వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తే బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు.

చేయాల్సిందల్లా ఈటాను రెండు స్థిర తారలతో పోల్చడం. ప్రకాశవంతమైన పక్కకు బీటా (3.7), మందమైన పక్కకు అయోటా అక్విలే (4.4). రెంటికీ సరిగ్గా మధ్యలో ఉంటే 4.05 అని, బీటాకు దగ్గరగా ఉంటే 3.8 అని అంచనా వేయాలి. బీటాను మించిందనిపిస్తే డెల్టా అక్విలే (3.4) చూసుకోవాలి. తేదీ, గంట, అంచనా రాసుకోవాలి. ఈటా 3.5 నుంచి 4.4 మధ్య మారుతుంది. పెరగడం చకచకా, తగ్గడం నింపాదిగా ఉంటుంది. ఈ వేగం తేడా సెఫీడ్‌ను పట్టిచ్చే గుర్తు.

ఇందులో చాలామంది జారిపడే ఒక ఉచ్చు ఉంది. ఈటా ఆవర్తన కాలం 7.177 రోజులు, అంటే వారానికి నాలుగు గంటలు మాత్రమే ఎక్కువ. కాలేజీ ఉంది కాబట్టి ఆదివారాలే చూస్తాననుకుంటే, ప్రతి ఆదివారం తార దాదాపు అదే స్థితిలో కనిపిస్తుంది. నెల తర్వాత కూడా ‘ఇది మారడమే లేదు’ అనిపిస్తుంది. ఓపిగ్గా ఏడాది చూసినా, తొమ్మిది నెలలకు పైగా ఆవర్తన కాలం ఉన్న తార అని తప్పు లెక్క వస్తుంది. వరసగా వీలైనన్ని రాత్రులు చూడటం తప్పనిసరి. నిజానికి ఏ పెద్ద టెలిస్కోప్ పరిశీలనైనా ఇదే జాగ్రత్తతో జరుగుతుంది. హబుల్‌తో దూరపు గెలాక్సీలోని సెఫీడ్‌లను చూసేటప్పుడు రెండు పరిశీలనల మధ్య వ్యవధులు కావాలనే అసమానంగా పెడతారు.

కొన్ని వారాల అంచనాలు చేతికొచ్చాక, ప్రతి పరిశీలన సమయాన్ని 7.177తో భాగించి, పూర్ణాంకాన్ని వదిలేసి దశాంశ భాగాన్ని మాత్రమే గ్రాఫ్‌లో అడ్డంగా వేయండి. చెల్లాచెదురుగా ఉన్న చుక్కలు ఒక ఒంపు మీదికి చేరతాయి. 7.0తోనో 7.4తోనో భాగిస్తే ఒంపు చెదిరిపోతుంది. అలా కాలం నిజమో కాదో అంకెలే చెబుతాయి.

ఇక లెక్క. log 7.177 అంటే 0.856. దాన్నుంచి 1 తీసేస్తే –0.144. దాన్ని 2.43తో గుణించి గుర్తు మారిస్తే 0.35. కాబట్టి M = –4.05 + 0.35 = –3.70. సూర్యుడి అసలు మాగ్నిట్యూడ్ 4.83, అంటే ఈటా సూర్యుడికన్నా రెండున్నర వేల రెట్లు ప్రకాశవంతమైనది. కనిపించే సగటు సుమారు 3.90. m – M విలువ 7.60. A సున్నా అనుకుంటే దూరం 331 పార్‌సెక్‌లు, అంటే దాదాపు 1,080 కాంతి సంవత్సరాలు.

గమనించండి, బెనెడిక్ట్ బృందం పారలాక్స్ కొలిచిన పది తారల్లో ఈటా లేదు. పది ఇతర తారల త్రికోణమితి నుంచి వచ్చిన సూత్రాన్ని పదకొండో తారకు వాడాం. కాబట్టి ఇక్కడ వలయం లేదు.

కానీ 1,080 సరైన అంకె కాదు, A సున్నా కాదు కాబట్టి. A అంటే మనకూ తారకూ మధ్య ఉన్న ధూళి తినేసిన కాంతి, మాగ్నిట్యూడ్‌లలో. సెఫీడ్‌లు ఎక్కువగా గెలాక్సీ బల్లపరుపు తలంలోనే ఉంటాయి, ధూళి కూడా అక్కడే ఉంటుంది. కాంతి తగ్గితే తార ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఈటా దారిలో ధూళి సుమారు 0.4 మాగ్నిట్యూడ్ తీసేసుకుంటోంది. దాన్ని తీసి లెక్కిస్తే దూరం 275 పార్‌సెక్‌లు, 900 కాంతి సంవత్సరాలు. అర మాగ్నిట్యూడ్ కూడా లేని ధూళి దూరాన్ని 20 శాతం పెంచి చూపించింది.

ఆ 0.4 ఎలా తెలిసింది? ధూళి నీలి కాంతిని ఎక్కువగా, ఎర్ర కాంతిని తక్కువగా అడ్డుకుంటుంది. తార తన సహజ రంగుకన్నా ఎంత ఎర్రబడిందో చూస్తే, ధూళి ఎంత ఉందో తెలుస్తుంది. అందుకే సెఫీడ్‌ను ఒకే రంగులో కొలిస్తే చాలదు, రెండు వడపోతల్లోనైనా కొలవాలి. ఎర్రబడటం, మందగించడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి, రెండు రంగుల కొలతలను ఒక నిర్ణీత నిష్పత్తిలో కలిపి ధూళి ప్రభావాన్ని తనంతట తనే కొట్టేసుకునేలా చేయవచ్చు. ఆ కలయికను వెసెన్‌హైట్ మాగ్నిట్యూడ్ అంటారు. ఇప్పటి పెద్ద పరిశోధనలన్నీ ఈ మార్గంలోనో పరారుణంలోనో నడుస్తాయి. పరారుణంలో ధూళి అడ్డు బాగా తక్కువ. మామూలు కళ్లతో మీరు చేసే పరిశీలనలో ఇది కుదరదు. కాబట్టి అమ్మాయికి 1,080 వస్తే సంతోషించండి, 900 రాలేదని బాధపడకండి.

ఇప్పుడు మీ పాత పుస్తకం దగ్గరికి వద్దాం. 9 లక్షల అంకె ఎడ్విన్ హబుల్‌ది. 1923 అక్టోబరు తొలివారంలో మౌంట్ విల్సన్‌లోని 100 అంగుళాల టెలిస్కోప్‌తో తీసిన ఫలకం మీద ఒక చుక్కను ఆయన మొదట నోవా, అంటే ఉన్నట్టుండి వెలిగి ఆరిపోయే తార అనుకున్నాడు. తర్వాత అది సెఫీడ్ అని తెలిసి, నోవాకు గుర్తుగా పెట్టిన N కొట్టేసి, మారే తార అనే అర్థంలో VAR! అని రాశాడు. ఆ తార ఆవర్తన కాలం 31.4 రోజులు. ఆయన ఆవర్తన కాలం కొలవడంలో తప్పేమీ లేదు, 2010 తర్వాత చేసిన పరిశీలనల్లోనూ అదే కాలం వచ్చింది. తప్పు ఆయన చేతికి అందిన బద్దలో ఉంది.

ఆ బద్దను 1910ల చివర హార్లో షాప్లీ తయారుచేశాడు. అప్పటికి సెఫీడ్‌ల పారలాక్స్ దొరకదు కాబట్టి, ఆకాశంలో వాటి నెమ్మది కదలికల నుంచి గణాంక పద్ధతిలో సగటు దూరం అంచనా వేశారు. ఈ దారిని 1913లో హెర్ట్జ్‌స్ప్రుంగ్ మొదట తొక్కాడు. ధూళిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, కాబట్టి మన దగ్గరి సెఫీడ్‌ల అసలు ప్రకాశం ఉన్నదానికన్నా తక్కువగా తేలింది. అదే సమయంలో షాప్లీ గోళాకార తారాగుచ్ఛాల్లో ఊగిసలాడే తారలను కూడా ఇదే కుటుంబంలో కలిపేశాడు. అవి నిజానికి వేరే జాతి. వృద్ధ తారలు, ద్రవ్యరాశి తక్కువ, ఒకే ఆవర్తన కాలానికి అసలు సెఫీడ్‌లకన్నా సుమారు ఒకటిన్నర మాగ్నిట్యూడ్ మందంగా ఉంటాయి. ఒక తప్పు దగ్గరి తారలను మందంగా చూపించింది, రెండో చోట నిజంగానే మందమైన తారలున్నాయి. రెండూ ఒకదానిమీద ఒకటి చక్కగా సరిపోయాయి. రెండు వేర్వేరు దారుల్లో ఒకే జవాబు వచ్చేసరికి దాదాపు 30 ఏళ్లపాటు ఎవరికీ గట్టి అనుమానం రాలేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. తప్పులు ఒకదాన్నొకటి బలపరిస్తే వాటిని లోపలి నుంచి పట్టుకోవడం అసాధ్యం, బయటి నుంచి మరో రకం తార రావాల్సిందే.

ఆ మరో రకం ఆర్ఆర్ లైరీ తారలు. ఒక రోజులోపే ఊగే తారలివి, గోళాకార గుచ్ఛాల్లో కుప్పలుగా ఉంటాయి. ఆండ్రోమెడా దూరం నిజంగా హబుల్ చెప్పినంతే అయితే, మౌంట్ పాలోమార్‌లో కొత్తగా వచ్చిన 200 అంగుళాల టెలిస్కోప్‌కు అవి 22.4 మాగ్నిట్యూడ్ దగ్గర కనిపించి తీరాలి. వాల్టర్ బాడే వెతికాడు. కనిపించలేదు. ఆ మాగ్నిట్యూడ్ దగ్గర ఆయనకు దొరికినవి వృద్ధ తారల్లోకెల్లా ప్రకాశవంతమైన ఎర్ర దైత్యతారలు మాత్రమే. ఆర్ఆర్ లైరీలు వాటికన్నా ఒకటిన్నర మాగ్నిట్యూడ్ మందమని గోళాకార గుచ్ఛాల్లో ముందే తెలుసు. అంటే ఆండ్రోమెడా అనుకున్నదానికన్నా ఒకటిన్నర మాగ్నిట్యూడ్ దూరంలో ఉంది. m – M విలువ 1.5 పెరిగితే దూరం రెండు రెట్లవుతుంది, పై సూత్రంలో వేసి చూసుకోండి.

బాడే ఈ సంగతిని 1952లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమావేశంలో చెప్పాడు. సెఫీడ్ బద్ద మీద నిలబడిన గెలాక్సీల దూరాలన్నీ ఒక్క దెబ్బకు రెట్టింపయ్యాయి. గోళాకార గుచ్ఛాల దూరాలు మాత్రం మారలేదు, ఎందుకంటే అవి సెఫీడ్‌ల మీద కాక ఆర్ఆర్ లైరీల మీద ఆధారపడ్డాయి. అప్పటిదాకా ఇంకో చిక్కు కూడా ఉండేది. గెలాక్సీల దూరాల నుంచి లెక్కిస్తే విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లని వచ్చేది, భూమి మీది రాళ్లు అంతకన్నా పాతవి. ఆ వైరుధ్యం కొంత సడలింది. రెట్టింపుతో ఆండ్రోమెడా 18 లక్షల దాకా వచ్చింది. మిగిలిన తేడా ఆ తర్వాతి దశాబ్దాల్లో ధూళి, మంద తారల కాంతి కొలతలు, సున్నా బిందువు మెరుగుపడుతూ వచ్చి తీరింది. మీ పుస్తకంలోని అంకె బాడేకు ముందుది. 25 లక్షలే నమ్మండి.

ఇప్పుడు ఎవరైనా ఆ రెండు జాతులను కలిపేసే ప్రమాదం ఉందా? పెద్దగా లేదు. అసలు సెఫీడ్‌లు యువ తారలు, సర్పిల భుజాల్లో నీలి తారల మధ్య ఉంటాయి. రెండో జాతి తారలు గెలాక్సీ వెలుపలి పరిధుల్లోనూ గోళాకార గుచ్ఛాల్లోనూ ఉంటాయి. ప్రకాశపు ఒంపు ఆకారంలో కూడా తేడా ఉంటుంది. పైగా ఒకే గెలాక్సీలో వందల సెఫీడ్‌లను కలిపి గీస్తే, రెండో జాతి తారలు కింద వేరే గీతగా విడిపోయి కనిపిస్తాయి.

సున్నా బిందువుకు కూడా ఇప్పుడు పారలాక్స్ ఒక్కటే ఆధారం కాదు. పెద్ద మాగెల్లాన్ మేఘంలో ఒకదాన్నొకటి కప్పుకునే జంట తారల నుంచి ఆ మేఘం దూరాన్ని 49.59 కిలోపార్‌సెక్‌లుగా, ఒక శాతం కచ్చితత్వంతో 2019లో కొలిచారు. ఎన్‌జీసీ 4258 అనే గెలాక్సీలో కేంద్రం చుట్టూ తిరిగే నీటి ఆవిరి రేడియో సంకేతాల నుంచి దాని దూరం 76 లక్షల పార్‌సెక్‌లని తెలిసింది. ఈ రెండు చోట్లా సెఫీడ్‌లున్నాయి. పారలాక్స్‌తో కలిపితే ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు ఆధారాలు. షాప్లీకి లేనిది ఇదే.

చివరగా, ఈ బద్ద ఎంత దూరం పనిచేస్తుందన్న సంగతి. హబుల్ టెలిస్కోప్‌తో సుమారు 4 కోట్ల పార్‌సెక్‌ల వరకు, అంటే 13 కోట్ల కాంతి సంవత్సరాల దాకా సెఫీడ్‌లను విడివిడిగా కొలవగలం. అక్కడి నుంచి టైప్ 1ఏ సూపర్‌నోవాలనే తారల పేలుళ్లు బాధ్యత తీసుకుంటాయి, కానీ వాటి అసలు ప్రకాశాన్ని తేల్చేది కూడా అవి పేలిన గెలాక్సీల్లోని సెఫీడ్‌లే. అంటే సెఫీడ్ సున్నా బిందువులో జరిగిన తప్పు విశ్వం అంచుల దాకా అదే నిష్పత్తిలో పాకుతుంది.

అంత దూరంలో ప్రధాన శత్రువు కిక్కిరిసిన నేపథ్యం. సెఫీడ్ ఉన్న చిత్రబిందువులోనే పొరుగు తారల వెలుగు కలిసిపోతుంది. తార ఉన్నదానికన్నా ప్రకాశంగా, అంటే దగ్గరగా కనిపిస్తుంది. దీన్ని పట్టుకునే ఉపాయం నాకు చాలా ఇష్టం. పొరుగు తారల వెలుగు స్థిరంగా ఉంటుంది, సెఫీడ్‌ది మారుతుంది. ఒక సెఫీడ్ కనిష్ఠంలో 1 వంతు, గరిష్ఠంలో 2.5 వంతులు వెలుగుతుందనుకోండి, ఒక మాగ్నిట్యూడ్ తేడా. దానికి పొరుగువారి వెలుగు ఇంకో 1 వంతు కలిస్తే, 2 నుంచి 3.5 వంతుల దాకానే మారుతుంది. తేడా 0.6 మాగ్నిట్యూడ్‌కు పడిపోతుంది. అదే ఆవర్తన కాలం ఉన్న దగ్గరి సెఫీడ్‌లు ఎంత ఊగుతాయో మనకు తెలుసు. దూరపు తార ఊగు తక్కువగా ఉంటే, దాని వెలుగులో పరాయి వెలుగు ఎంత కలిసిందో దాన్ని బట్టే చెప్పవచ్చు.

ఈ పరీక్ష ఇప్పుడెందుకు ముఖ్యమైందంటే, ఆడమ్ రీస్ బృందం 2022లో సెఫీడ్‌లూ సూపర్‌నోవాలూ కలిపి విశ్వ విస్తరణ రేటు ప్రతి పది లక్షల పార్‌సెక్‌లకు సెకనుకు 73 కిలోమీటర్లని తేల్చింది. ఆదిమ విశ్వపు సూక్ష్మతరంగ కాంతి నుంచి వచ్చే అంకె 67.4. ఈ తేడా మొత్తం సెఫీడ్‌ల తప్పే అయితే, అది 0.17 మాగ్నిట్యూడ్ మేర ఉండాలి, అదీ దూరపు సెఫీడ్‌లు ఉన్నదానికన్నా ప్రకాశంగా కనిపించే దిశలో. కిక్కిరిసిన నేపథ్యం సరిగ్గా ఆ దిశలోనే తప్పు చేయిస్తుంది, అందుకే అందరి వేలూ మొదట దానివైపే చూపించింది. ఊగు పరీక్షలో అంత పరాయి వెలుగు కనిపించలేదు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పరారుణంలో ఇంకా స్పష్టంగా, పొరుగు తారలను విడదీసి వెయ్యికి పైగా సెఫీడ్‌లను చూసింది. హబుల్ కొలతలకూ దానికీ అంత తేడా రాలేదు. అయితే వెండీ ఫ్రీడ్‌మన్ బృందం ఎర్ర దైత్యతారల వంటి ఇతర గుర్తులను కూడా వాడి 70 దగ్గర అంకె తెచ్చింది, కాబట్టి వాదన ఇంకా తెమల్లేదు. ఎవరైనా ‘సెఫీడ్‌లే తప్పు’ అని రాస్తే మీ అమ్మాయి అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆ 0.17 మాగ్నిట్యూడ్ ఎక్కడ దాక్కుంది, అది తార ఊగులో ఎందుకు కనిపించలేదు?